అథ్లెటిక్స్ ఎంపికలో పిల్లలకు సరైన ట్రయల్ కోరుతూ ప్రిన్సిపాల్‌కు లేఖ: ఎలా సిద్ధం కావాలి, ఎలా రాయాలి, ఆ తర్వాత ఏం చేయాలి

పాఠశాల జట్టు ఎంపికలు మొదలవగానే తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘మా అమ్మాయికి అన్యాయం జరిగిందనిపిస్తోంది, ప్రిన్సిపాల్‌కు ఉత్తరం ఎలా రాయాలి?’ నమూనా ఉత్తరం ఇస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది చాలదు. ఉత్తరంలో ఏం అడుగుతున్నామో ముందే తేల్చుకోకపోతే ఎంత మర్యాదగా రాసినా అది ఫిర్యాదుగానే మిగిలిపోతుంది.

ఈ మార్గదర్శి అంతా ఒకే మాట మీద నడుస్తుంది. జట్టులో చోటు అడగకండి, పరుగు అడగండి. చోటు ఇవ్వాలంటే ప్రిన్సిపాల్ వ్యాయామ ఉపాధ్యాయుడి నిర్ణయాన్ని కొట్టివేయాలి, ఎంపికైన మరో పిల్లను తప్పించాలి. పరుగు పెట్టించడానికి ఒక సాయంత్రం, ఒక మైదానం ఉంటే చాలు.

## 1. ముందుగా ఒక ఉదాహరణ

చివరిదాకా ఈ ఒక్క సందర్భాన్నే పట్టుకుని వెళ్దాం. తొమ్మిదో తరగతి అమ్మాయి, 200 మీటర్ల పరుగు. అంతర పాఠశాలల పోటీకి పాఠశాల నుంచి ఇద్దరిని పంపాలి. ఎనిమిది మంది పేర్లిచ్చారు. మైదానంలో నాలుగే లేన్లు ఉండటంతో నలుగురేసి చొప్పున రెండు హీట్స్‌గా విడదీశారు.

మొదటి హీట్ సోమవారం ఉదయం జరిగింది. ఇంతలో వాన రావడంతో రెండోది మంగళవారానికి వాయిదా పడింది. ఆ రోజు నేల ఇంకా తడిగానే ఉంది. ఉన్నది ఒకే స్టాప్‌వాచ్ కాబట్టి రెండుసార్లూ మొదట వచ్చినవారి సమయం మాత్రమే రాసుకున్నారు. మొదటి హీట్ విజేత సమయం 29.1 సెకన్లు, రెండో హీట్ విజేత సమయం 30.6 సెకన్లు. ఆ ఇద్దరినీ ఎంపిక చేశారు. మన అమ్మాయి మొదటి హీట్‌లో రెండో స్థానంలో వచ్చింది. విజేతకు సుమారు రెండు మీటర్లు వెనుక ఉంది.

200 మీటర్లను 29.1 సెకన్లలో పూర్తి చేయడమంటే సెకనుకు దాదాపు ఏడు మీటర్లు. ఆ వేగంతో రెండు మీటర్లంటే 0.3 సెకన్లు. అంటే మన అమ్మాయి సమయం ఇంచుమించు 29.4 సెకన్లు అయి ఉండాలి. రెండో హీట్ విజేత 30.6. ఇక్కడికి రాగానే ఏ తండ్రికైనా, తల్లికైనా ‘మా అమ్మాయే వేగంగా పరిగెత్తింది కదా’ అనిపిస్తుంది.

ఆ మాట ఉత్తరంలో రాయకూడదు, ఎందుకంటే అది నిజమో కాదో ఎవరికీ తెలియదు. రెండో హీట్ అమ్మాయి తడినేల మీద పరిగెత్తింది. ఆరిన నేల మీద ఆమె ఎంతలో పూర్తి చేసేదో చెప్పలేం. మన అమ్మాయి సమయాన్ని ఎవరూ కొలవనే లేదు. రెండు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు నేలల మీద పరిగెత్తిన వారిని పోల్చడానికి ఆధారం లేదన్నది మాత్రం ఎవరూ కాదనలేని విషయం. మీ ఉత్తరానికి బలం అక్కడే ఉంది.

## 2. తెలిసింది వేరు, అనుకున్నది వేరు

ఒక కాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు మీరు లేదా మీ పిల్లలు కళ్లారా చూసినవి, పాఠశాల స్వయంగా చెప్పినవి రాయండి. కుడివైపు ఊహలు, విన్నవి, బాధలు రాయండి.

మన ఉదాహరణలో ఎడమవైపు వచ్చేవి: రెండు హీట్స్ వేర్వేరు రోజుల్లో జరిగాయి. మంగళవారం నేల తడిగా ఉంది. విజేతల సమయాలే నమోదయ్యాయి. మొదటి హీట్‌లో మా అమ్మాయిది రెండో స్థానం. కుడివైపు వచ్చేవి: ‘ఆ అమ్మాయి సారుకు తెలిసినవాళ్ల పిల్ల’, ‘మా అమ్మాయి అంటే మొదటి నుంచీ చిన్నచూపు’, ‘పోయినసారి కూడా ఇలాగే చేశారు’.

ఉత్తరంలోకి ఎడమవైపువే వెళ్లాలి. కుడివైపువి ఒక్కటి కూడా వెళ్లకూడదు, అందులో నిజమున్నా సరే. పక్షపాతం అన్న మాట పడగానే ప్రిన్సిపాల్ ముందున్న ప్రశ్న మారిపోతుంది. ట్రయల్ పెట్టాలా వద్దా అన్నది పక్కకు పోయి, తన ఉపాధ్యాయుడిని కాపాడుకోవాలా వద్దా అన్నది ముందుకు వస్తుంది. ఆ రెండో ప్రశ్నకు జవాబు మీకు అనుకూలంగా రాదు.

కాగితం ముందు పెట్టుకుని ఈ వివరాలు సరిచూసుకోండి:

- ఎంపిక ఏ పద్ధతిలో జరుగుతుందని ముందుగా చెప్పారు? నోటీసులో రాశారా, నోటిమాటా?
- ఈ విభాగంలో ఎంతమందిని పంపవచ్చు? అదనపు ఆటగాళ్ల పేర్లు ఇచ్చే వీలుందా?
- వయసు విభాగానికి లెక్కలోకి తీసుకునే తేదీ ఏది? మీ పిల్లల పుట్టిన తేదీ అందులోకి వస్తుందా?
- పేర్లు పంపడానికి ఆఖరి తేదీ ఎప్పుడు?

చివరి రెండింటి విషయంలో చాలామంది దెబ్బతింటారు. వయసు తేదీ సరిపోకపోతే ఎంత బాగా పరిగెత్తినా ప్రయోజనం లేదు. పేర్లు వెళ్లిపోయాక వచ్చిన ఉత్తరానికి ప్రిన్సిపాల్ కూడా ఏమీ చేయలేరు.

## 3. మీ అమ్మాయిని అడగండి

తల్లిదండ్రులు ఎక్కువగా మరచిపోయే మెట్టు ఇది. ఉత్తరం రాయకముందే మీ అమ్మాయితో తీరిగ్గా కూర్చుని మాట్లాడండి. మళ్లీ పరిగెత్తాలని ఉందా? అందరూ చూస్తుండగా పరిగెత్తి మళ్లీ వెనుకబడితే ఫర్వాలేదా? నాలుగు రోజుల్లో పరుగుకు సిద్ధంగా ఉండగలదా, కాలు నొప్పి లాంటివేమైనా ఉన్నాయా?

వద్దంటే అక్కడితో ఆపేయండి. ఉత్తరం మీరు రాసినా మైదానంలో నిలబడేది ఆమె. రేపు అదే ఉపాధ్యాయుడి దగ్గర సాధన చేయాల్సిందీ ఆమే. సరే అంటే, ఏం రాయబోతున్నారో ఆమెకు చదివి వినిపించండి. లేన్ నంబరు, వచ్చిన స్థానం వంటి వివరాల్లో తప్పులుంటే ఆమే సరిదిద్దుతుంది.

## 4. మొదట వ్యాయామ ఉపాధ్యాయుడితో మాట్లాడండి

నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లడం పెద్ద పొరపాటు. ప్రిన్సిపాల్ మొదట అడిగేది ‘సారుతో మాట్లాడారా?’ అనే. లేదంటే ఉత్తరం అక్కడే ఆగిపోతుంది.

ఆయన తరగతుల మధ్య హడావిడిగా ఉన్నప్పుడు కాకుండా, ముందుగా సమయం అడిగి కలవండి. మాట ఇలా మొదలుపెట్టవచ్చు: ‘సార్, 200 మీటర్ల ఎంపిక ఎలా చేశారో తెలుసుకుందామని వచ్చాను. హీట్స్‌లో రెండో స్థానం వచ్చినవాళ్ల సమయాలు ఏమైనా రాశారా?’ ఇది నిజంగా తెలుసుకోవడానికి అడుగుతున్న ప్రశ్న. నిలదీసినట్టు వినిపించకూడదు. ఒక్కరే ఎనిమిది మందిని పరిగెత్తించి, ఒక్క గడియారంతో సమయం చూసి, లేన్లకు సున్నం గీతలు కూడా వేసుకున్న మనిషి ఆయన. రెండో స్థానాల సమయం రాయలేదంటే చాలాసార్లు కారణం ఆ ఇబ్బందే.

ఇక్కడే పని పూర్తయిపోవచ్చు. ‘సరే, రెండు హీట్స్‌లోనూ మొదటి, రెండో స్థానాలు వచ్చిన నలుగురినీ శుక్రవారం ఒకసారి పరిగెత్తిస్తాను’ అని ఆయనే అంటే ఉత్తరం అవసరం లేదు. ‘నా చేతుల్లో లేదు, ప్రిన్సిపాల్ గారిని అడగండి’ అంటే, ‘అలాగే సార్, మీకు చెప్పే రాస్తాను’ అనండి. ఆయనకు తెలియకుండా ఉత్తరం పంపకండి. కలిసిన రోజు, ఆయన ఇచ్చిన జవాబు రాసి పెట్టుకోండి.

## 5. ఏ ట్రయల్ అడగాలి?

‘మళ్లీ ట్రయల్ పెట్టండి’ అని రాస్తే ఎవరితో, ఎప్పుడు, ఎలా అన్న ఆలోచనంతా ప్రిన్సిపాల్ మీద పడుతుంది. చేయదగిన పద్ధతిని మీరే ఒకటి రాసివ్వండి.

మన ఉదాహరణకు సరిపోయేది ఇది: రెండు హీట్స్‌లోనూ మొదటి, రెండో స్థానాలు పొందిన నలుగురినీ ఒకే రోజు, ఒకే పరుగులో పోటీ పెట్టడం. లేన్లు నాలుగే కాబట్టి కచ్చితంగా సరిపోతాయి. మొదట వచ్చిన ఇద్దరు జట్టులోకి వెళ్తారు.

ఈ పద్ధతిలో రెండు లాభాలున్నాయి. అందరూ ఒకేసారి పరిగెత్తుతారు కాబట్టి స్టాప్‌వాచ్ గొడవే ఉండదు, గీతను ఎవరు ముందు దాటారో చూస్తే చాలు. ఇది మీ అమ్మాయి ఒక్కదాని కోసమే అడిగినట్టూ ఉండదు. రెండో హీట్‌లో రెండో స్థానం వచ్చిన అమ్మాయికీ అవకాశం వస్తుంది. తడినేల మీద పరిగెత్తిన విజేతకు ఆరిన నేల మీద తన వేగం చూపించే వీలు కలుగుతుంది.

మొదటి హీట్ విజేత చోటును కదపకుండా, మిగిలిన ఒక్క చోటుకు ముగ్గురినే పరిగెత్తిస్తామని పాఠశాల అంటే ఒప్పుకోండి. ఆమె మీ అమ్మాయి కంటే ముందు గీత దాటింది, దాని మీద మీకు అభ్యంతరం లేదు. నలుగురి పరుగు మరింత న్యాయమైనదే అయినా, ముగ్గురి పరుగుతో మీరు అడిగిన అవకాశం వచ్చినట్టే.

## 6. ఉత్తరం

ఒక పేజీ దాటకూడదు. విషయం, జరిగినది, అభ్యర్థన, గడువు, హామీ అన్న వరుసలో సాగాలి. ఖాళీలు మీరు నింపుకోండి.

> తేదీ: ..........
>
> గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,
>
> విషయం: బాలికల 200 మీటర్ల పరుగు ఎంపికకు ఒకే ట్రయల్ నిర్వహించాలని అభ్యర్థన.
>
> నమస్కారం. నేను తొమ్మిదో తరగతి, ..... సెక్షన్ విద్యార్థిని .......... తల్లిని/తండ్రిని.
>
> 200 మీటర్ల ఎంపిక రెండు హీట్స్‌గా జరిగింది. మొదటిది సోమవారం ఆరిన మైదానంలో, రెండోది వాన కారణంగా మంగళవారం తడిగా ఉన్న మైదానంలో జరిగాయి. రెండింటిలోనూ విజేతల సమయాలు మాత్రమే నమోదయ్యాయి. మా అమ్మాయి మొదటి హీట్‌లో రెండో స్థానంలో నిలిచింది. రెండు హీట్స్ పరిస్థితులు వేరు కావడం వల్ల, రెండో స్థానాల సమయాలు లేకపోవడం వల్ల, ఎనిమిది మందిలో వేగవంతులైన ఇద్దరు ఎవరో పోల్చి చూసే వీలు లేకపోయింది.
>
> ఈ విషయమై బుధవారం వ్యాయామ ఉపాధ్యాయులతో మాట్లాడాను. వారు ఓపికగా వివరించి, నిర్ణయం కోసం మిమ్మల్ని సంప్రదించమన్నారు. ఈ ఉత్తరం రాస్తున్నట్టు వారికి తెలియజేశాను.
>
> రెండు హీట్స్‌లోనూ మొదటి రెండు స్థానాలు పొందిన నలుగురికీ ఒకే రోజు, ఒకే పరుగు నిర్వహించి, అందులో వచ్చిన స్థానాల ప్రకారం ఇద్దరిని ఎంపిక చేయవలసిందిగా కోరుతున్నాను. లేన్లను చీటీలు తీసి కేటాయించి, ముగింపు గీత దగ్గర ఇద్దరు ఉపాధ్యాయులు స్థానాలు నమోదు చేస్తే పిల్లలందరికీ స్పష్టత ఉంటుంది.
>
> పేర్లు పంపడానికి ఆఖరి తేదీ వచ్చే సోమవారమని తెలిసింది. వీలైతే శుక్రవారం లోపు ట్రయల్ జరిపించగలరు. మైదానం సిద్ధం చేయడంలో సహాయం కావాలంటే చేయడానికి సిద్ధంగా ఉన్నాను.
>
> ఈ ట్రయల్ ఫలితం ఎలా ఉన్నా మేము, మా అమ్మాయి అంగీకరిస్తాం.
>
> ఇట్లు,
> భవదీయురాలు/భవదీయుడు,
> ..........
> ఫోను: ..........

చివరి హామీ వాక్యాన్ని తీసేయకండి. ఒకసారి ఒప్పుకుంటే మళ్లీ మళ్లీ అడుగుతారేమోనన్న భయం ఏ ప్రిన్సిపాల్‌కైనా ఉంటుంది. ఆ వాక్యం ఆ భయాన్ని తీరుస్తుంది. రాసిన మాటకు మీరు కట్టుబడి ఉండాలి కూడా.

## 7. ఉత్తరాన్ని పాడుచేసే వాక్యాలు, వాటికి బదులుగా రాయదగినవి

‘30.6 సెకన్లకు పరిగెత్తిన అమ్మాయిని ఎలా తీసుకున్నారు?’ మరో పిల్లను తక్కువ చేసిన మాట ఇది. ఆ పిల్ల పేరు గానీ, సమయం గానీ ఉత్తరంలో ఉండకూడదు. ‘రెండు హీట్స్ పరిస్థితులు వేరు’ అంటే అదే విషయం ఎవరినీ నొప్పించకుండా చేరుతుంది.

‘ఇంటి దగ్గర నేను ఫోనులో చూస్తే 28 సెకన్లే వచ్చింది.’ దూరం సరిగ్గా కొలిచారా, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ఆపారు అన్న మూడు ప్రశ్నలతో ఆ అంకె కుప్పకూలుతుంది. పూర్తిగా వదిలేయండి. గతంలో పాఠశాల పోటీల్లో వచ్చిన ధ్రువపత్రం ఉంటే నకలు జతచేయవచ్చు, కానీ దాని మీద వాదన కట్టకండి.

‘తను రాత్రంతా ఏడ్చింది.’ నిజమే కావచ్చు. కానీ ఎంపిక కాని మిగతా ఐదుగురూ బాధపడే ఉంటారు. ట్రయల్ ఎందుకు కావాలో దీనివల్ల తేలదు.

‘న్యాయం జరగకపోతే పై అధికారులకు ఫిర్యాదు చేస్తాం.’ మొదటి ఉత్తరంలో బెదిరింపు ఉంటే జవాబు రాసేవారు కూడా జాగ్రత్తగా, దూరంగా, ఆలస్యంగా రాస్తారు. మీ దగ్గర ఉన్నది నాలుగు రోజులు.

తల్లిదండ్రుల ఫోను గ్రూపుల్లో ఉత్తరం నకలు పెట్టడం కూడా ఇలాంటిదే. మరుసటి ఉదయానికి అది తరగతి గదిలో పిల్లల మధ్య నలుగుతుంది.

## 8. ఉత్తరం ఇచ్చే పద్ధతి

కాగితం మీదే ఇవ్వండి. కార్యాలయంలో ఒక ప్రతి ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. పాఠశాల మెయిల్ ద్వారానే తీసుకుంటామంటే అలాగే పంపి, అందిందో లేదో ఫోనులో కనుక్కోండి. వ్యాయామ ఉపాధ్యాయుడికి ఒక నకలు మీ చేతులతోనే ఇవ్వండి.

గురువారం ఇచ్చారనుకోండి. అదే రోజు సాయంత్రం గానీ మరుసటి ఉదయం గానీ ఒక్కసారి అడగవచ్చు. గంటకోసారి ఫోను చేయకండి.

## 9. ట్రయల్ రోజు చూడాల్సినవి

ఇక్కడ మీరు ప్రేక్షకులే. మాట్లాడాల్సింది ఏమైనా ఉంటే పరుగు మొదలుకాకముందే నెమ్మదిగా అడగాలి. ముగిశాక చెప్పే అభ్యంతరం ఓడినందుకు చెప్పినట్టే ఉంటుంది.

200 మీటర్లలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు మొదలు గీత దగ్గరే ఉంటుంది. మలుపు ఉన్న పరుగులో అందరినీ ఒకే గీత మీద నిలబెడితే బయటి లేన్లవాళ్లు ఎక్కువ దూరం పరిగెత్తుతారు. లేన్ వెడల్పు 1.22 మీటర్లయితే, అర్ధవృత్తమంత మలుపుకు ఒక్కో లేన్‌కు దాదాపు 3.8 మీటర్ల తేడా వస్తుంది. నాలుగో లేన్‌కు వచ్చేసరికి అది 11 మీటర్లు దాటుతుంది. సెకనుకు ఏడు మీటర్లు పరిగెత్తే పిల్లకు అది ఒకటిన్నర సెకన్లు. మైదానం చిన్నదై 200 మీటర్లకు పూర్తి చుట్టు తిరగాల్సి వస్తే ఆ తేడా రెట్టింపవుతుంది. అందుకే బయటి లేన్ల మొదలు గీతలు మెట్లుగా ముందుకు జరగాలి. ఉపాధ్యాయులకు ఇది తెలిసిన విషయమే. హడావిడిలో అడుగులతో అంచనా వేయకుండా, టేపుతో కొలవడానికి మీరు సాయం చేస్తానంటే చాలు.

ముగింపు దగ్గర లెక్కలోకి వచ్చేది మొండెం. తల, చేయి, కాలు ముందుగా గీత దాటినా లెక్క కాదు. అందుకే స్థానాలు రాసేవాళ్లు సరిగ్గా గీత వరుసలోనే, పక్కన నిలబడాలి. వాలుగా నిలబడితే ఎవరు ముందున్నారో తప్పుగా కనిపిస్తుంది.

మొదలుకాకముందు ఒకసారి చూసుకోండి:

- నలుగురికీ ఒళ్లు వేడెక్కించుకోవడానికి సమానంగా సమయం దొరికిందా?
- బూట్లు వేసుకోవాలా, ఉత్త కాళ్లతోనా అన్నది అందరికీ ఒకటేనా?
- లేన్లు చీటీలతో కేటాయించారా?
- మొదలు గీతలు కొలిచారా?
- గీత దగ్గర ఇద్దరు ఉన్నారా?

## 10. మీ సందర్భం వేరైతే

జ్వరం వల్లో, అదే సమయానికి పరీక్ష పడటం వల్లో పిల్ల ఎంపిక పోటీకే రాలేకపోతే, గైర్హాజరుకు కారణం చూపే కాగితం జతచేసి, ఇప్పటికే ఎంపికైన వారితో కలిపి పరిగెత్తించమని అడగండి. ఒంటరిగా పరిగెత్తి గడియారంతో పోల్చాల్సి వస్తే మూడు గడియారాలు ఉండాలి. మూడూ వేరు సమయాలు చూపితే మధ్యది తీసుకోవాలి, రెండు కలిస్తే ఆ సమయమే తీసుకోవాలి. పరుగు మొదలుపెట్టే చప్పుడు విని కాకుండా, జెండా దిగడం చూసి గడియారం నొక్కాలి. వంద మీటర్లు దాటి రావడానికి శబ్దానికి దాదాపు 0.3 సెకన్లు పడుతుంది. మన ఉదాహరణలో మొదటి హీట్‌లోని ఇద్దరి మధ్య తేడా కూడా అంతే.

లాంగ్ జంప్ అయితే అడగాల్సినవి వేరు: ప్రతి ఒక్కరికీ సమానంగా ప్రయత్నాలు, మూడైతే అందరికీ మూడు. దూరాన్ని ఇసుకలో శరీరం తాకిన గుర్తుల్లో గీతకు అతి దగ్గరగా ఉన్నదాని నుంచే కొలవాలి. చాలాచోట్ల మడమ గుర్తు నుంచి కొలిచి, వెనక్కి ఆనించిన చేతి గుర్తును వదిలేస్తారు.

## 11. కుదరదంటే

గడువు దాటిందనో, మైదానం ఖాళీగా లేదనో ట్రయల్‌కు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఇంకో నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి. నిర్ణయాన్ని గౌరవిస్తున్నామని చెప్పి, రెండు విషయాలు అడగండి. అదనపు ఆటగాళ్ల పేర్లకు వీలుంటే మా అమ్మాయిని పరిశీలించండి. వచ్చే ఎంపికలకు పద్ధతిని ముందుగానే నోటీసు బోర్డులో పెట్టి, హీట్స్‌లో పరిగెత్తిన అందరి స్థానాలూ సమయాలూ నమోదు చేయించండి. రెండోది ప్రిన్సిపాల్ ఎప్పుడైనా ఒప్పుకోగలిగిన విషయం, దానికి గడువు లేదు. ఈ ఉత్తరానికి కూడా అందినట్టు సంతకం తీసుకుని, మొదటిదానితో కలిపి దాచండి. వచ్చే ఏడు ఎంపికల నోటీసు రాగానే ఆ రెండింటినీ తీసుకుని వ్యాయామ ఉపాధ్యాయుడిని ముందే కలవవచ్చు.